లాక్ ఒపెరాన్ ఎప్పుడు వెలుగుతుంది, ఎప్పుడు ఆరుతుంది: ఫ్లాస్కులో పెట్టి చూద్దాం

పాల చక్కెర అయిన లాక్టోజ్‌ను వాడుకోవడానికి బ్యాక్టీరియాలో ఉండే జన్యువుల గుంపు లాక్ ఒపెరాన్. ఆ జన్యువులు పనిచేస్తే వెలిగినట్టు, ఆగితే ఆరినట్టు. ఇంటర్ నుంచి ఎమ్మెస్సీ దాకా దాని గురించి అందరూ బట్టీ పట్టేది ఒకే పట్టిక. లాక్టోజ్ ఉందా లేదా, గ్లూకోజ్ ఉందా లేదా, మొత్తం నాలుగు గళ్లు. పరీక్షకు అది సరిపోతుంది. కానీ ప్రశ్న కాస్త తిప్పి అడిగితే, లేదా ల్యాబులో రీడింగ్ అనుకున్నట్టు రాకపోతే, ఆ పట్టిక చేతులెత్తేస్తుంది. పట్టికకు బదులు మూడు ప్రశ్నలు వరసగా వేసుకోవడం నేర్చుకుంటే చాలు. లాక్టోజ్ కణం లోపలికి రాగలుగుతోందా? వస్తే, డీఎన్‌ఏ మీద కూర్చుని జన్యువులను ఆపి ఉంచే రెప్రెసర్ లేచిందా? లేస్తే, జన్యువులను నకలు తీసే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌కు సాయం దొరికిందా? ఈ వరస మార్చకండి. పుస్తకాలు మొదటి ప్రశ్నను దాదాపు వదిలేస్తాయి, చాలామంది బోల్తా పడేదీ అక్కడే.

మనం మాట్లాడేది ఇ. కొలై గురించి. ఇంట్లో పాలు తోడుపెట్టే బ్యాక్టీరియాకు కూడా లాక్టోజ్ వాడుకునే జన్యువులున్నాయి కానీ వాటి ఏర్పాటు వేరు. కింద చెప్పేదాన్ని పెరుగుకు అన్వయించకండి.

మొదటి మెట్టు: బొమ్మ గీసుకోండి

కాగితం మీద ఎడమ నుంచి కుడికి గీత గీయండి. ఎడమ చివర లాక్-ఐ జన్యువు. దానికి సొంత ప్రమోటర్ ఉంది. లాక్టోజ్ ఉన్నా లేకున్నా అది కొద్దికొద్దిగా రెప్రెసర్ ప్రోటీన్‌ను తయారుచేస్తూనే ఉంటుంది. నాలుగు ఉపభాగాలు కలిస్తే ఒక రెప్రెసర్. ఇలాంటివి కణానికి పది వరకు మాత్రమే ఉంటాయి. ఈ సంఖ్యను గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

దాని కుడిపక్కన పాలిమరేజ్ వచ్చి కూర్చునే ఒపెరాన్ ప్రమోటర్, దాన్ని ఆనుకుని రెప్రెసర్ పట్టుకునే ఆపరేటర్, ఆ తర్వాత మూడు జన్యువులు. లాక్-జెడ్ నుంచి వచ్చే బీటా-గెలాక్టోసిడేజ్ లాక్టోజ్‌ను గ్లూకోజ్, గెలాక్టోజ్‌లుగా విడగొడుతుంది. లాక్-వై నుంచి వచ్చే పర్మియేజ్ కణ పొరలో కూర్చుని లాక్టోజ్‌ను లోపలికి లాగుతుంది. మూడోది లాక్-ఎ, మన కథలో దానికి పనిలేదు. ఈ మూడూ ఒకే పొడవాటి ఎంఆర్‌ఎన్‌ఏగా నకలవుతాయి. అందుకే ఒక్క ఆపరేటర్‌ను మూస్తే మూడూ ఆగిపోతాయి.

బొమ్మలో ఇంకో రెండు చుక్కలు పెట్టండి. రెప్రెసర్ పట్టుకునే ఆపరేటర్లు నిజానికి మూడు. అసలుది ప్రమోటర్ పక్కనుంది. ఒకటి లాక్-జెడ్ జన్యువు లోపల సుమారు 400 బేస్ జతల దూరంలో, మరొకటి వెనకవైపు లాక్-ఐ చివర ఉంది. రెప్రెసర్‌కు రెండు చేతులున్నట్టే. ఒక చేత్తో అసలు ఆపరేటర్‌ను, రెండో చేత్తో దూరపు ఆపరేటర్‌ను పట్టుకుని మధ్యలోని డీఎన్‌ఏను ఉచ్చులా వంచేస్తుంది. ఒక చెయ్యి జారినా రెండోది పట్టుకునే ఉంటుంది కాబట్టి మళ్లీ వెంటనే దొరుకుతుంది. 1990లో ముల్లర్-హిల్ బృందం ఆ రెండు అదనపు ఆపరేటర్లను చెడగొట్టి చూసింది. మామూలుగా సుమారు 1300 రెట్లున్న అణచివేత 18 రెట్లకు పడిపోయింది. పది రెప్రెసర్లతో కణం ఎలా నెట్టుకొస్తోందో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

రెండో మెట్టు: లాక్టోజ్ ఒక్కటే ఉంటే

ముందు గ్లూకోజ్‌ను పక్కన పెట్టండి. కణం చుట్టూ లాక్టోజ్ పోశాం. లోపలికి రావాలంటే పర్మియేజ్ కావాలి. పర్మియేజ్ తయారవ్వాలంటే ఒపెరాన్ వెలగాలి. ఒపెరాన్ వెలగాలంటే లాక్టోజ్ లోపలికి రావాలి. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టుంది కదా?

ముడి విడేది ఇక్కడే. రెప్రెసర్ పట్టు ఎంత గట్టిదైనా అప్పుడప్పుడూ జారుతుంది. జారిన ఆ కాసేపట్లో ఒకటో రెండో ఎంఆర్‌ఎన్‌ఏలు తయారవుతాయి. వాటి నుంచి కొద్దిపాటి పర్మియేజ్, కొద్దిపాటి బీటా-గెలాక్టోసిడేజ్ వస్తాయి. అంటే ‘ఆఫ్’ అన్నప్పుడు కూడా కణంలో ఈ రెండూ పిసరంత ఉంటాయి. ఆ పిసరంత పర్మియేజ్ ద్వారా కొంచెం లాక్టోజ్ లోపలికి చేరుతుంది.

ఇంతవరకు వచ్చాక చాలామంది ‘లాక్టోజ్ వెళ్లి రెప్రెసర్‌కు అంటుకుంటుంది’ అని రాసేస్తారు. అది తప్పు. రెప్రెసర్‌కు అంటుకునేది అల్లోలాక్టోజ్. బీటా-గెలాక్టోసిడేజ్ లాక్టోజ్‌ను విడగొట్టడంతో పాటు, కొంత భాగాన్ని విడగొట్టకుండా రెండు చక్కెరల మధ్య బంధాన్ని మార్చి అతికిస్తుంది. అలా వచ్చిందే అల్లోలాక్టోజ్. అది అంటుకోగానే రెప్రెసర్ ఆకారం మారి, ఆపరేటర్ మీద పట్టు సడలుతుంది. ఒపెరాన్ వెలుగుతుంది, మరింత పర్మియేజ్ వస్తుంది, మరింత లాక్టోజ్ లోపలికి వస్తుంది. మొదలవడమే కష్టం, మొదలయ్యాక తనను తానే తోసుకుంటూ పోతుంది. అందుకే ఇలా రెప్రెసర్‌ను లేపే ప్రేరకం చాలా తక్కువగా ఉన్నప్పుడు అన్ని కణాలూ సగం సగం వెలగవు. కొన్ని పూర్తిగా వెలుగుతాయి, కొన్ని చీకట్లోనే ఉంటాయి. నోవిక్, వైనర్ 1957లోనే ఈ సంగతి చూపించారు.

మీకు మీరే ఒక పరీక్ష పెట్టుకోండి. లాక్-జెడ్ పూర్తిగా చెడిపోయిన కణానికి లాక్టోజ్ ఇస్తే పర్మియేజ్ ఎక్కువవుతుందా? కాదు. ఎంజైమ్ లేదు కాబట్టి అల్లోలాక్టోజ్ రాదు, రెప్రెసర్ లేవదు. అదే కణానికి అల్లోలాక్టోజ్‌ను పోలిన ఐపీటీజీ అనే కృత్రిమ ప్రేరకం ఇస్తే? పర్మియేజ్ పెరుగుతుంది. ఐపీటీజీ నేరుగా రెప్రెసర్‌కు అంటుకుంటుంది, ఏ ఎంజైమూ దాన్ని మార్చనక్కర్లేదు, దాన్ని ఏదీ కరిగించదు కూడా.

మూడో మెట్టు: గ్లూకోజ్ వచ్చాక

ఇప్పుడు గ్లూకోజ్ కూడా పోద్దాం. గ్లూకోజ్ కణంలోకి ఊరికే రాదు. పొర దాటుతూనే దానికి ఒక ఫాస్ఫేట్ తగిలిస్తారు. ఆ ఫాస్ఫేట్ చేతులు మారుతూ వచ్చే ఒక వరస ఉంది, అందులో చివరికి దగ్గరగా ఉండే ప్రోటీన్ పేరు ఐఐఎ. కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి దీన్ని బాగా పరిచయం చేసుకోండి.

గ్లూకోజ్ జోరుగా వస్తున్నప్పుడు ఐఐఎ దగ్గరున్న ఫాస్ఫేట్ ఎప్పటికప్పుడు గ్లూకోజ్‌కు పోతుంది, ఐఐఎ ఖాళీ చేతులతో మిగులుతుంది. గ్లూకోజ్ లేనప్పుడు ఫాస్ఫేట్ పట్టుకెళ్లేవాళ్లు ఉండరు, ఐఐఎ చేతిలోనే ఉండిపోతుంది. కణానికి ‘బయట గ్లూకోజ్ ఉందా’ అన్న వార్త అందేది ఇలాగే.

ఖాళీ చేతుల ఐఐఎ వెళ్లి పర్మియేజ్‌ను పట్టుకుని దాని పని ఆపేస్తుంది. లాక్టోజ్‌కు ఉన్న చిన్న తలుపు కూడా మూసుకుపోతుంది. లోపలికి లాక్టోజ్ రాదు, అల్లోలాక్టోజ్ తయారవదు, రెప్రెసర్ కదలదు. దీన్ని ప్రేరక బహిష్కరణ అనొచ్చు. మన మూడు ప్రశ్నల్లో మొదటిదానికే ‘లేదు’ అన్న జవాబు వచ్చేసింది.

ఫాస్ఫేట్ ఉన్న ఐఐఎ చేసే పని వేరు. అది అడెనిలేట్ సైక్లేజ్ అనే ఎంజైమును ఉత్సాహపరుస్తుంది, అప్పుడు సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరుగుతుంది. సైక్లిక్ ఏఎంపీ సీఆర్‌పీ ప్రోటీన్‌తో కలిసి ప్రమోటర్‌కు కాస్త ముందు కూర్చుని ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌ను పట్టి నిలబెడుతుంది. ఈ సాయం ఎందుకంటే లాక్ ప్రమోటర్ పుట్టుకతోనే బలహీనమైనది. మంచి ప్రమోటర్‌లో మైనస్ పది దగ్గర TATAAT ఉండాలి, ఇక్కడ TATGTT ఉంది. అందుకే రెప్రెసర్ లేచిపోయినా, సీఆర్‌పీ సాయం లేకపోతే ఎంఆర్‌ఎన్‌ఏ నీరసంగానే వస్తుంది. యూవీ5 అనే మ్యూటెంట్‌లో ఆ రెండక్షరాలు సరిదిద్దినట్టయి TATAAT అయింది. దానికి సీఆర్‌పీ అక్కర్లేదు.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పేస్తాను. మన పాఠ్యపుస్తకాలు గ్లూకోజ్ ప్రభావం మొత్తాన్ని సైక్లిక్ ఏఎంపీ మీదికి నెట్టేస్తాయి. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను. కానీ 1990ల రెండో సగంలో జపాన్‌లోని నగోయాలో హిరోజి ఐబా బృందం ఒక సూటి పరీక్ష చేసింది. సీఆర్‌పీ అక్కర్లేని యూవీ5 ప్రమోటర్ ఉన్న కణాలను గ్లూకోజ్, లాక్టోజ్ రెండూ ఉన్న ద్రావణంలో పెంచారు. సైక్లిక్ ఏఎంపీయే కారణమైతే ఆ కణాలు గ్లూకోజ్‌ను లెక్కచేయకూడదు. కానీ అవి కూడా గ్లూకోజ్ అయ్యేదాకా ఎంజైమ్ తయారుచేయలేదు! ఐఐఎ జన్యువును తీసేసినా, పర్మియేజ్‌ను విపరీతంగా పెంచినా, ఐపీటీజీ పోసినా ఆ అడ్డు పోయింది. అంటే ఈ రెండు చక్కెరల పోటీలో అసలు కాపలా తలుపు దగ్గరే ఉంది. సైక్లిక్ ఏఎంపీ ఒపెరాన్‌కు తప్పనిసరే, అది లేకపోతే మామూలు కణంలో ఒపెరాన్ గట్టిగా వెలగదు. కానీ గ్లూకోజ్ ఉన్నప్పుడు ముందు తగిలే గోడ అది కాదు.

ఒక సందేహం క్లాసులో తప్పక వస్తుంది. లాక్టోజ్ విరిగితే లోపల గ్లూకోజే కదా వచ్చేది, మరి అది ఒపెరాన్‌ను ఆర్పదా? వార్త మోసేది పొర దాటి వచ్చే గ్లూకోజ్. లోపల పుట్టిన గ్లూకోజ్‌కు ఫాస్ఫేట్ తగిలించేది వేరే ఎంజైమ్, ఐఐఎ కాదు. కొంత గ్లూకోజ్ బయటికి కారి మళ్లీ లోపలికి వస్తుంది కాబట్టి కొంచెం ప్రభావం ఉంటుంది, ఆర్పేసేంత కాదు.

నాలుగో మెట్టు: ఒక ఫ్లాస్కును గంట గంటకూ చూడండి

జాక్ మోనో 1940ల మొదట్లో పారిస్‌లో చూసిన వింత ఇదే. రెండు చక్కెరలు కలిపి ఇస్తే పెరుగుదల గీత మెట్టులా వస్తుంది: ఒకసారి ఎక్కి, ఆగి, మళ్లీ ఎక్కుతుంది. మనం చేసి చూద్దాం.

చక్కెర లేని లవణాల మాధ్యమం, ఎం9 ద్రావణం తీసుకోండి. లీటరుకు 0.5 గ్రాముల గ్లూకోజ్, 1.5 గ్రాముల లాక్టోజ్ కలపండి. చక్కెరలను ఆటోక్లేవ్‌లో ఉడికించకుండా ఫిల్టర్ చేసి కలపడం మేలు. రాత్రంతా గ్లూకోజ్‌లోనే పెంచిన కణాలను 600 నానోమీటర్ల దగ్గర ఓడీ, అంటే కల్చర్ మసక కొలత, 0.02 వచ్చేట్టు వేసి, 37 డిగ్రీల దగ్గర బాగా ఊపుతూ పెంచండి. ప్రతి 20 నిమిషాలకు ఓడీ రాసుకోండి.

ఏం జరగాలో ముందే లెక్క కట్టొచ్చు. ఒక గ్రాము గ్లూకోజ్ నుంచి సుమారు అర గ్రాము ఎండు కణాలు వస్తాయి. మన అర గ్రాముకు పావు గ్రాము వస్తుంది, అంటే ఓడీ సుమారు 0.6. ఎం9 గ్లూకోజ్‌లో కణాలు గంటకు అటూఇటూగా ఒకసారి రెట్టింపవుతాయి. 0.02 నుంచి 0.6కు ఐదు రెట్టింపులు. కాబట్టి దాదాపు ఐదు గంటలు గీత నిటారుగా ఎక్కుతుంది. ఈ ఐదు గంటలూ చుట్టూ లాక్టోజ్ ఉన్నా కణాలు దాన్ని ముట్టుకోవు.

ఓడీ 0.6 దగ్గర గీత చదునైపోతుంది. గ్లూకోజ్ అయిపోయింది. ఐఐఎ చేతిలో ఫాస్ఫేట్ నిలిచింది, పర్మియేజ్‌ను వదిలేసింది, సైక్లిక్ ఏఎంపీ ఒక్కసారిగా పెరిగింది. కానీ కణం దగ్గరున్నది ఆ పిసరంత పర్మియేజే. చేతిలో ఆహారం లేకుండానే కొత్త ప్రోటీన్లు కట్టుకోవాలి. అందుకే అరగంటో, గంటకు దగ్గరగానో ఆగుతుంది. తర్వాత గీత మళ్లీ ఎక్కి 2.4 చుట్టుపక్కల ఆగుతుంది. ఓడీ 0.8 దాటాక నమూనాను పలుచన చేసి కొలవండి, లేకపోతే రీడింగ్ తక్కువ చూపిస్తుంది.

ఆ ఆగుడు నిజంగా గ్లూకోజ్ అయిపోయినందుకేనా, లేక గాలి చాలక ఆగిందా? రెండో ఫ్లాస్కులో గ్లూకోజ్‌ను లీటరుకు 1 గ్రాము చేయండి. మెట్టు 0.6 నుంచి 1.2కు జరగాలి. జరగకపోతే మీ మెట్టుకు కారణం వేరే ఉంది.

ఐదో మెట్టు: ఎంజైమును కొలవండి

ఓడీ గీత పరోక్ష సాక్ష్యమే. ఒపెరాన్ వెలిగిందో లేదో నేరుగా చెప్పేది ఓఎన్‌పీజీ పరీక్ష. బీటా-గెలాక్టోసిడేజ్ ఈ రంగులేని పదార్థాన్ని విడగొడితే పసుపు రంగు వస్తుంది. ఓడీ గీతలోని మెట్టుకు ముందు, మెట్టు మధ్యలో, మెట్టు తర్వాత నమూనాలు తీసి వెంటనే ఐసులో పెట్టండి. కొంచెం కల్చర్‌ను జెడ్ బఫర్‌లో కలిపి, రెండు చుక్కల క్లోరోఫామ్, ఒక చుక్క 0.1 శాతం ఎస్‌డీఎస్ వేసి గట్టిగా కలిపితే కణాల పొర చిల్లులు పడుతుంది. 28 డిగ్రీల దగ్గర ఓఎన్‌పీజీ వేసి గడియారం మొదలుపెట్టండి. లేత పసుపు రాగానే సోడియం కార్బొనేట్ వేసి ఆపి, సమయం రాసుకోండి. పొర ఎందుకు చిల్లులు పడాలంటే, లేకపోతే ఓఎన్‌పీజీ లోపలికి వెళ్లడానికే పర్మియేజ్ కావాలి, అప్పుడు మీరు ఎంజైమును కొలుస్తున్నారో తలుపును కొలుస్తున్నారో తెలియదు.

ఎంజైమ్ ఎంతుందో మిల్లర్ యూనిట్లలో చెప్పే లెక్క ఇది:

```
Miller units = 1000 × (A420 − 1.75 × A550) / (t × v × OD600)
```

ఇందులో A420, A550 ఆ నానోమీటర్ల దగ్గర తీసిన రీడింగులు, t నిమిషాల్లో, v అంటే తీసుకున్న కల్చర్ మిల్లీలీటర్లలో. ఉదాహరణకు మెట్టు తర్వాతి నమూనాలో A420 0.60, A550 0.02, సమయం 10 నిమిషాలు, కల్చర్ 0.1 మిల్లీలీటరు, ఓడీ 0.5 అనుకోండి. పైన 565, కింద 0.5, జవాబు 1130. మెట్టుకు ముందరి నమూనాకు అదే ఓడీ 0.5 దగ్గర 0.5 మిల్లీలీటరు తీసుకుని రెండు గంటలు ఆగినా A420 0.065 దాటలేదనుకోండి, A550 అదే 0.02. పైన 30, కింద 30, జవాబు 1. పసుపు రాలేదని పదో నిమిషంలోనే ఆపేస్తే ఈ ఒకటి మీకు సున్నాలా కనిపిస్తుంది. పిసరంత లీకేజీ ఉందన్న సంగతే తెలియకుండా పోతుంది.

ఒకసారి మా ల్యాబులో రోజంతా కష్టపడితే ఏ ఫ్లాస్కులోనూ పసుపు రాలేదు. ఓఎన్‌పీజీ పాడైందని ఒకరు, బఫర్ తప్పని ఒకరు, అందరికీ టెన్షన్. చివరికి తేలిందేమిటంటే, ఫ్రీజర్‌లోంచి తీసింది డీహెచ్5ఆల్ఫా. క్లోనింగ్ కోసం చేసిన ఆ కణాల్లో లాక్-జెడ్‌లో ఒక ముక్క కోసేసి ఉంటుంది. ఇలాంటి పనికి ఎంజీ1655 లాంటి మామూలు కె-12 కణాలు వాడండి.

ఆరో మెట్టు: రెండు అడ్డంకులను విడదీయండి

గ్లూకోజ్ ఉన్నప్పుడు తలుపు ఎంత అడ్డుకుంటోంది, సీఆర్‌పీ లేమి ఎంత అడ్డుకుంటోంది? దీనికి ఐపీటీజీ మంచి పనిముట్టు. 1 మిల్లీమోలార్ దగ్గర అది పర్మియేజ్ లేకుండానే లోపలికి చేరుతుంది, కాబట్టి తలుపు ప్రశ్న రద్దవుతుంది. మూడు ఫ్లాస్కులు పెట్టండి: గ్లూకోజ్‌తో లాక్టోజ్, గ్లూకోజ్‌తో ఐపీటీజీ, గ్లిసరాల్‌తో ఐపీటీజీ. మొదటిదాంట్లో దాదాపు ఏమీ రాదు. రెండోదాంట్లో ఎంజైమ్ బాగానే వస్తుంది. మూడోదాంట్లో ఇంకొన్ని రెట్లు ఎక్కువ వస్తుంది, ఎందుకంటే గ్లిసరాల్‌లో సైక్లిక్ ఏఎంపీ ఎక్కువ. మొదటికీ రెండోదానికీ మధ్య దూరం తలుపుది. రెండోదానికీ మూడోదానికీ మధ్య దూరం సీఆర్‌పీది. మూడూ మెట్టు రాకముందే, గ్లూకోజ్ ఇంకా మిగిలి ఉండగానే కొలవాలి. ఆలస్యమైతే మొదటి ఫ్లాస్కు కూడా వెలిగి మీ లెక్క పాడుచేస్తుంది.

అదే పద్ధతిలో లాక్-ఐ చెడిపోయిన మ్యూటెంట్‌ను గ్లూకోజ్, లాక్టోజ్ కలిపిన ఫ్లాస్కులో వేసి, ఏమవుతుందో ముందే రాసిపెట్టండి. రెప్రెసరే లేదు కాబట్టి లాక్టోజ్ లోపలికి వచ్చిందా లేదా అన్నది ఒపెరాన్‌కు పట్టదు. గ్లూకోజ్ ఉండగానే ఎంజైమ్ ఉంటుంది, గ్లిసరాల్‌లో ఉన్నంత మాత్రం కాదు. ఇక ఆ మ్యూటెంట్ ఓడీ గీతలో మెట్టు వెతకండి. పర్మియేజ్ ముందునుంచే కుప్పలుగా ఉంది, ఐఐఎ అన్నిటినీ పట్టుకోలేదు. మెట్టు కనిపించదు, లేదా కనిపించీ కనిపించనట్టు ఉంటుంది.